జేసీ పెన్నీ కేస్ స్టడీని సమస్య, విశ్లేషణ, సిఫార్సుగా కుదించడం ఎలా?

ప్రశ్న: మేనేజ్‌మెంట్ కోర్సులో మాకు అమెరికన్ రిటైల్ కంపెనీ జేసీ పెన్నీ మీద ఇంగ్లీషులో పెద్ద కేస్ స్టడీ ఇచ్చారు. 2012లో ముఖ్య కార్యనిర్వహణాధికారి రాన్ జాన్సన్ తెచ్చిన ధరల మార్పు, ఆ ఏడాది ఫలితాలు అందులో ఉన్నాయి. కథనం 2013 ఫిబ్రవరి చివర ఆగిపోతుంది. దాన్ని సమస్య, విశ్లేషణ, సిఫార్సు అనే మూడు భాగాలుగా రెండు పేజీల తెలుగులో రాయాలి. అమ్మకాలు 25 శాతం పడిపోవడం సమస్య అనీ, కూపన్లు తీసేయడం వల్ల పడిపోయాయని విశ్లేషణ అనీ, కూపన్లు మళ్లీ ఇవ్వాలని సిఫార్సు అనీ రాశాను. చదువుకుంటే మూడు భాగాల్లోనూ ఒకే మాట చెప్పినట్టుంది. ఎక్కడ తప్పుతున్నాను?

సమాధానం:

మీరు రాసిన మూడు మాటలూ నిజమే. అయితే మొదటి భాగంలో సమస్య ఉండవలసిన చోట దాని లక్షణం వచ్చి కూర్చుంది. అమ్మకాలు పడిపోవడం జరిగిపోయిన సంగతి. దాని గురించి ఇప్పుడు ఎవరూ ఏ నిర్ణయమూ తీసుకోలేరు. లక్షణాన్నే సమస్యగా రాసినప్పుడు విశ్లేషణకు దాని కారణం పేరు చెప్పడం తప్ప పని మిగలదు, సిఫార్సుకు ఆ కారణాన్ని తిరగేసి చెప్పడం తప్ప పని మిగలదు. అందువల్లనే మూడు భాగాలూ ఒకే వాక్యానికి మూడు రూపాలుగా కనిపిస్తున్నాయి.

ముందుగా కథనం ఆగిన తేదీని పట్టుకోండి. 2013 ఫిబ్రవరి చివరలో కంపెనీ 2012 ఆర్థిక సంవత్సరపు ఫలితాలు ప్రకటించింది. అమ్మకాలు 1,726 కోట్ల డాలర్ల నుంచి సుమారు 1,299 కోట్ల డాలర్లకు తగ్గాయి, నికర నష్టం 98.5 కోట్ల డాలర్లకు చేరింది, చేతిలో ఉన్న నగదు సుమారు 150 కోట్ల డాలర్ల నుంచి 93 కోట్ల డాలర్లకు దిగింది. ఈ మూడు అంకెల్లో విద్యార్థులు సాధారణంగా మొదటి రెండింటినే రాసి మూడోదాన్ని వదిలేస్తారు. నా దృష్టిలో సమస్యను సమస్యగా మార్చేది ఆ మూడోదే, ఎందుకంటే నిర్ణయానికి ఎంత గడువు ఉందో అదే చెబుతుంది. ఒకవైపు దుకాణాలను బ్రాండ్ల వారీగా చిన్న చిన్న విభాగాలుగా పునర్నిర్మించే పని నగదును తినేస్తోంది. మరోవైపు ఆ పనికి డబ్బు సమకూర్చవలసిన కొనుగోలుదారులు వెళ్లిపోతున్నారు.

ఇంకొక సంగతి కూడా గమనించండి. 2013 జనవరి చివరలోనే కంపెనీ తగ్గింపు అమ్మకాలను కొంతమేరకు తిరిగి తెస్తామని ప్రకటించింది. అంటే మీరు సిఫార్సుగా రాసిన మాట కథనం ఆగే నాటికే మొదలైపోయిన పని. అది తేలాల్సిన ప్రశ్న కాదు. తేలాల్సినది తగ్గింపులను ఏ సరుకుల మీద, ఎంత లోతుగా, ఎంత వేగంగా తిరిగి తేవాలి, ఈలోగా దుకాణాల పునర్నిర్మాణాన్ని ఏం చేయాలి అన్నది. కాబట్టి సమస్య భాగాన్ని నేనైతే ఇలా రాస్తాను:

"2012లో జేసీ పెన్నీ యాజమాన్యం కూపన్లను, తాత్కాలిక తగ్గింపులను తొలగించి స్థిరమైన తక్కువ ధరల విధానాన్ని అన్ని దుకాణాల్లో ఒకేసారి అమలు చేసింది. ఆ ఏడాది అమ్మకాలు నాలుగో వంతు తగ్గి, కంపెనీ 98.5 కోట్ల డాలర్ల నష్టం చవిచూసింది. నగదు 93 కోట్ల డాలర్లకు తగ్గిన స్థితిలో, పాత కొనుగోలుదారులను రప్పించడానికి తగ్గింపు ధరలకు ఏ మేరకు తిరిగి వెళ్లాలి, దుకాణాల పునర్నిర్మాణాన్ని ఏ వేగంతో కొనసాగించాలి అన్నది 2013 ఫిబ్రవరిలో యాజమాన్యం తేల్చుకోవలసిన విషయం."

ఇందులో నిర్ణయం ఎవరిదో, ఎప్పటిదో, దేని మధ్య ఎంపికో, ఏ పరిమితిలోనో ఉన్నాయి. జాన్సన్ అంతకుముందు ఆపిల్ దుకాణాలను నడిపారని, 2011 నవంబరులో పదవి చేపట్టారని, కంపెనీ చిహ్నం మారిందని చెప్పే భాగాలు మూలంలో చాలా పేజీలు ఆక్రమించి ఉండవచ్చు. సమస్య భాగానికి అవేవీ అక్కరలేదు. ఆపిల్ అనుభవం మాత్రం విశ్లేషణలో ఒకచోట పనికొస్తుంది, అక్కడికి వచ్చాక చెబుతాను.

విశ్లేషణకు మీ రెండు పేజీల్లో సగానికి పైగా కేటాయించండి. "కూపన్లు తీసేయడం వల్ల" అని ఒక్కసారిగా దూకకుండా, ఆ మాటకు చదివేవారు వేయగల ఎదురు ప్రశ్నలకు ఒక్కొక్కటిగా జవాబు చెబుతూ వెళ్లాలి. మొదటి ఎదురు ప్రశ్న, ఆ ఏడాది అమెరికాలో రిటైల్ వ్యాపారమంతా దెబ్బతిన్నదేమో అన్నది. లేదు. జేసీ పెన్నీతో నేరుగా పోటీపడే మేసీస్ అదే ఏడాది తన పాత దుకాణాల్లో, అంటే కొత్తగా తెరిచినవాటిని లెక్కలోకి తీసుకోకుండా, 3.7 శాతం ఎక్కువ అమ్మింది. అదే లెక్కలో జేసీ పెన్నీ 25.2 శాతం కోల్పోయింది. కాబట్టి కారణం కంపెనీ లోపలే ఉంది. ఈ ఒక్క పోలిక చాలు. ఆన్‌లైన్ పోటీ గురించి, ఆర్థిక మాంద్యం గురించి పేరాలు రాయవలసిన పని ఉండదు.

రెండో ఎదురు ప్రశ్న ఇంకా పదునైనది. ఆ ఏడాది ధరలు ఒక్కటే మారలేదు కదా, ప్రకటనలు మారాయి, దుకాణాల అమరిక మారింది, సిబ్బంది తగ్గారు. మరి ధరలనే ఎందుకు తప్పు పడుతున్నారు? దీనికి జవాబు త్రైమాసిక ఫలితాల క్రమంలో ఉంది. ధరల మార్పు 2012 ఫిబ్రవరి 1న అమలైంది. దాని తర్వాతి మొదటి త్రైమాసికంలోనే పాత దుకాణాల అమ్మకాలు 18.9 శాతం పడ్డాయి. బ్రాండ్ల విభాగాలు తెరవడం ఆగస్టులో మొదలైంది. ఆరు నెలల తర్వాత వచ్చిన మార్పు ఆరు నెలల ముందరి పతనానికి కారణం కాలేదు. అయితే పతనం అక్కడితో ఆగక 21.7, 26.1, చివరి త్రైమాసికంలో 31.7 శాతానికి పెరుగుతూ పోయింది. ఈ రెండో సగంలో ధర పాత్ర ఎంతో, మిగతా మార్పుల పాత్ర ఎంతో విడదీసి చెప్పడం సాధ్యం కాదు, ఎందుకంటే పోల్చి చూడడానికి పాత పద్ధతిలో నడిచే దుకాణం ఒక్కటి కూడా మిగల్చలేదు. ఈ పరిమితిని మీ సారాంశంలో ఒక వాక్యంగా తప్పక రాయండి. తనకు తెలియనిది ఎక్కడ మొదలవుతుందో చెప్పే విశ్లేషణను మూల్యాంకనం చేసేవారు ఎక్కువగా నమ్ముతారు, నమ్మాలి కూడా.

మూడోది, నష్టం ఏ మార్గంలో వచ్చిందన్నది. చాలా సారాంశాల్లో కనిపించని భాగం ఇది, నిజానికి మూలంలో ఉన్న లెక్కలతోనే ఒక పావుగంటలో తేలిపోతుంది. సరుకు కొన్న ఖరీదు పోగా మిగిలే స్థూల లాభం 2011లో అమ్మకాల్లో 36 శాతం, అంటే సుమారు 621 కోట్ల డాలర్లు. 2012లో అది 31.3 శాతం, అంటే సుమారు 406 కోట్లు. తేడా 215 కోట్లు. ఈ తేడాలో రెండు వేర్వేరు సంగతులు కలిసి ఉన్నాయి. అమ్మకం తగ్గడం వల్ల పోయినదెంతో తెలియాలంటే, తగ్గిన 427 కోట్ల అమ్మకాలను పాత 36 శాతంతో గుణించండి. సుమారు 154 కోట్లు వస్తుంది. మిగిలిన 61 కోట్లు, జరిగిన అమ్మకాల మీద లాభ శాతం 36 నుంచి 31.3కు దిగడం వల్ల పోయినవి. అదే ఏడాది కంపెనీ అమ్మకపు, పరిపాలనా ఖర్చులను సుమారు 511 కోట్ల నుంచి 451 కోట్లకు, అంటే 60 కోట్ల మేరకు తగ్గించుకుంది. ఆ పొదుపు లాభ శాతం తగ్గినందువల్ల కలిగిన నష్టాన్ని మాత్రమే పూడ్చింది. వెళ్లిపోయిన కొనుగోలుదారుల వల్ల కలిగిన 154 కోట్ల లోటు పూర్తిగా అలాగే మిగిలింది.

ఈ లెక్క మీ సిఫార్సుకు పునాది. ఖర్చులు తగ్గించాలనే సలహా ఇటువంటి ప్రతి కేస్ స్టడీలోనూ సులభంగా కలానికి వస్తుంది. ఇక్కడ అది ఎందుకు సరిపోదో ఈ అంకెలు చూపిస్తాయి. పొదుపు చేయదగినది చాలావరకు అప్పటికే చేశారు, అయినా నష్టంలో పెద్ద భాగం కదలలేదు.

ఇక నాలుగోది, కొనుగోలుదారులు ఎందుకు వెళ్లిపోయారన్నది. "కూపన్లు ఇష్టపడ్డారు కాబట్టి" అని రాస్తే అది జవాబు కాదు, ప్రశ్ననే తిరిగి చెప్పడం. 2011లో కంపెనీ 590 తగ్గింపు కార్యక్రమాలు నడిపిందనీ, రాబడిలో దాదాపు ముప్పావు వంతు సగం ధరకు, అంతకంటే తక్కువకు అమ్మిన సరుకు మీదే వచ్చిందనీ కంపెనీయే చెప్పుకుంది. జాన్సన్ దీన్ని చూసి, చీటీ మీద ఉన్న ధరను ఎవరూ నమ్మడం లేదు గనుక ఆ ధరనే తీసేసి మొదటి నుంచీ అసలు ధర వేద్దామన్నారు. ఆయన తర్కం తప్పు కాదు, కానీ ఆ చీటీ ధర చేస్తున్న ఒక పనిని ఆయన లెక్కలోకి తీసుకోలేదు. ఊహకు ఒక చొక్కా తీసుకోండి: చీటీ మీద 40 డాలర్లు, తగ్గింపు పోగా కొనుగోలుదారు చెల్లించేది 16 డాలర్లు. కొత్త విధానంలో అదే చొక్కా మీద 16 అని మాత్రమే ఉంటుంది. జేబులోంచి పోయేది ఒకటే. అయితే మొదటి సందర్భంలో 40 అనే అంకె ఆ చొక్కా నాణ్యత గురించి ఒక అంచనా ఇచ్చింది, 24 డాలర్లు ఆదా అయ్యాయన్న తృప్తినీ ఇచ్చింది, గడువు ముగిసేలోగా దుకాణానికి రావాలన్న తొందరనూ కలిగించింది. రెండో సందర్భంలో ఈ మూడూ లేవు. పోల్చుకోవడానికి వేరే ఆధారం లేని దుస్తుల వంటి సరుకు విషయంలో 16 డాలర్ల చొక్కా 16 డాలర్ల చొక్కాలాగానే కనిపిస్తుంది.

ఆపిల్ అనుభవం ప్రస్తావించవలసినది ఇక్కడ. ఆ దుకాణాల్లో అమ్మే వస్తువు మరెవరూ తయారు చేయనిది, దాని ధర అందరికీ ముందే తెలిసినది, అందువల్ల తగ్గింపు లేకపోయినా కొనుగోలుదారుకు సందేహం ఉండదు. జేసీ పెన్నీ అమ్మే దుస్తులకు దగ్గరి పోలికలున్నవి ఎదుటి దుకాణంలోనే, అదీ తగ్గింపుతో, దొరుకుతాయి. ఒకచోట స్థిరమైన ధరను నిలబెట్టిన పరిస్థితి రెండోచోట లేదు. ఈ తేడాను రెండు వాక్యాల్లో చెప్పి ముందుకు వెళ్లండి. జాన్సన్ వ్యక్తిత్వం మీద వ్యాఖ్యలు వద్దు. మొదట మూడు రకాలుగా పెట్టిన ధరలు, అంటే రోజువారీ ధర, నెలంతా ఉండే ధర, నెలలో మొదటి, మూడో శుక్రవారాల్లో మొదలయ్యే మిగులు సరుకు ధర, కొనుగోలుదారులను గందరగోళపరిచాయన్నది కూడా నిజమే. కానీ స్థలం చాలకపోతే వదిలేయదగిన విషయం అది.

సిఫార్సుకు వచ్చేసరికి మూడు ప్రమాదాలున్నాయి. తర్వాత జరిగినది తెలిసిపోయి రాయడం అన్నిటికంటే పెద్దది. 2013 ఏప్రిల్‌లో జాన్సన్ తప్పుకున్నారని, పాత ప్రధానాధికారి మైక్ ఉల్‌మన్ తిరిగి వచ్చారని మీకు తెలుసు. ఫిబ్రవరిలో నిర్ణయం తీసుకుంటున్నవారికి తెలియదు. అందుకని ముఖ్య కార్యనిర్వహణాధికారిని మార్చాలని రాస్తే అది సిఫార్సు కాదు, వార్త. అయినా తర్వాతి ఏడాది ఫలితం నుంచి మీరు మీకోసం ఒక పాఠం తీసుకోవచ్చు: తగ్గింపులు తిరిగి వచ్చాక కూడా 2013లో అమ్మకాలు సుమారు 1,186 కోట్ల డాలర్లకు దిగాయి, నష్టం ఇంకా పెరిగింది. పాత పద్ధతికి తిరిగి వెళ్లినంత మాత్రాన పాత కొనుగోలుదారులు తిరిగి రారు. దీన్ని సారాంశంలో రాయకండి, కానీ మీ సిఫార్సు అంత సులభమైన హామీ ఇస్తోందేమో చూసుకోవడానికి వాడుకోండి.

రెండో ప్రమాదం విశ్లేషణలో లేని కొత్త విషయాన్ని సిఫార్సులో తేవడం. ఆన్‌లైన్ అమ్మకాలు పెంచాలని, సిబ్బందికి శిక్షణ ఇవ్వాలని రాయాలనిపిస్తుంది. వాటి గురించి పైన ఒక్క వాక్యమూ లేకపోతే అవి గాలిలో వేలాడుతాయి. మూడోది, ఏ షరతు మీద సిఫార్సును విరమించుకోవాలో చెప్పకపోవడం. వీటిని దృష్టిలో పెట్టుకుని రాస్తే ఇలా ఉండవచ్చు:

"తగ్గింపు ధరలను అన్ని సరుకుల మీద కాకుండా, కొనుగోలుదారుకు పోల్చుకునే ఆధారం తక్కువగా ఉండి, చీటీ ధర ప్రభావం ఎక్కువగా ఉండే దుస్తుల విభాగాల్లో ముందుగా పునరుద్ధరించాలి. మేజోళ్లు, లోదుస్తులు, తువ్వాళ్ల వంటి తరచుగా కొనే సరుకుల్లో స్థిరమైన తక్కువ ధరను కొనసాగించాలి. తగ్గింపు ఎంత లోతుగా ఉండాలన్నది ఒకేలాంటి దుకాణాలున్న రెండు సమూహాల్లో ఆరు వారాల పాటు పరీక్షించి, అమ్మకాల మొత్తాన్ని కాక స్థూల లాభపు మొత్తాన్ని బట్టి నిర్ణయించాలి. పరీక్ష ఫలితాలు వచ్చేవరకు, ఇప్పటికే మొదలైన బ్రాండ్ విభాగాలను పూర్తిచేసి, కొత్తవాటికి నగదు వెచ్చించడం నిలిపివేయాలి. తగ్గింపులున్న దుకాణాల్లో స్థూల లాభపు మొత్తం పెరగకపోతే ఈ విధానాన్ని విస్తరించకూడదు."

ఇందులో ప్రతి వాక్యానికీ విశ్లేషణలో ఒక ఆధారం ఉంది. దుస్తులకూ తరచుగా కొనే సరుకులకూ మధ్య గీత చీటీ ధర గురించి చెప్పినదాని నుంచి వచ్చింది, పరీక్ష కావాలన్నది పోల్చడానికి దుకాణం మిగల్చని లోపం నుంచి వచ్చింది, నగదు ఆపాలన్నది సమస్య భాగంలోని పరిమితి నుంచి వచ్చింది. స్థూల లాభపు మొత్తాన్నే కొలబద్దగా పెట్టడానికి కారణం మీ లెక్కలోనే ఉంది: తగ్గింపులు అమ్మకాన్ని పెంచుతాయి, అదే సమయంలో లాభ శాతాన్ని తగ్గించగలవు, ఒకటి చూసి రెండోదాన్ని మరిచిపోకూడదు. దీన్ని ఒక అంకెతో బలపరచవచ్చు. 451 కోట్ల ఖర్చులు తీరాలంటే 31.3 శాతం లాభంతో సుమారు 1,441 కోట్ల అమ్మకాలు కావాలి, 36 శాతంతో అయితే సుమారు 1,253 కోట్లు చాలు. తరుగుదల, వడ్డీ ఈ లెక్కలో లేవు, ఆ మాట పక్కనే రాయండి. అలాగే మీరు తిరస్కరించిన ప్రత్యామ్నాయాలు రెండు, అంటే జాన్సన్ విధానాన్ని యథాతథంగా కొనసాగించడం, పాత విధానానికి పూర్తిగా మళ్లడం, ఎందుకు తగవో చెరొక వాక్యంలో చెప్పండి. మొదటిదానికి నగదు చాలదు. రెండోది కంపెనీని ముప్పావు వంతు రాబడి సగం ధరకే వచ్చే స్థితికి తిరిగి చేరుస్తుంది.

తెలుగులో రాసేటప్పుడు రెండు చోట్ల జాగ్రత్త అవసరం. మూలంలో అంకెలు మిలియన్లలో, బిలియన్లలో ఉంటాయి. ఒక బిలియన్ వంద కోట్లు, ఒక మిలియన్ పది లక్షలు. పట్టికలో "మిలియన్లలో" అని పైన రాసి కింద 12,985 అని ఉంటే అది 1,298.5 కోట్లు. ఇక్కడ ఒక్క సున్నా తప్పితే లెక్కంతా తప్పుతుంది. అందువల్ల మార్చిన ప్రతి అంకెనూ శాతాలతో సరిచూసుకోండి: 1,299ని 1,726తో భాగిస్తే సుమారు 0.75 రావాలి, అంటే 25 శాతం తగ్గుదల.

రెండోది, ఎవరి మాట ఎవరిదో తేలేలా వాక్యాన్ని ముగించడం. కేస్ స్టడీలో జరిగిన విషయాలు, యాజమాన్యం నమ్మిన విషయాలు, మీరు తేల్చిన విషయాలు పక్కపక్కనే ఉంటాయి. తెలుగులో కర్తను వదిలేసినా వాక్యం నిలబడుతుంది కాబట్టి, "కొనుగోలుదారులు నిజాయితీగల ధరను కోరుకుంటున్నారు" అని రాసినప్పుడు అది నిరూపితమైన సంగతో, జాన్సన్ నమ్మకమో, మీ అభిప్రాయమో చదివేవారికి తెలియదు. ఈ కేసులో ఆ తేడాయే అసలు విషయం, ఎందుకంటే పరీక్షించని నమ్మకాన్ని వాస్తవంగా తీసుకోవడం వల్లనే కంపెనీ దెబ్బతిన్నది. "కోరుకుంటున్నారని జాన్సన్ భావించారు" అని రాయండి. అలాగే "ధరలు మార్చబడ్డాయి" అనే కర్మణి వాక్యాల బదులు మార్చినది ఎవరో చెప్పండి. మీరు గణించి తేల్చిన 154 కోట్ల వంటి అంకెల పక్కన "కేసులోని లెక్కల ఆధారంగా మా గణన" అని రాస్తే, అది మూలంలో ఎక్కడుందా అని వెతికే శ్రమ మూల్యాంకనం చేసేవారికి తప్పుతుంది.